చెయ్యందని చోట దురద

మా వంటింటి గుమ్మానికి ఎడమవైపు చెక్క ఒకచోట నున్నగా మెరుస్తూ ఉంటుంది. సరిగ్గా నా వీపు ఎత్తులో. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా చూస్తే, వడ్రంగి అక్కడొక్కచోటే శ్రద్ధగా చిత్రిక పట్టాడనుకుంటారు. అది వడ్రంగి పనితనం కాదు. రెండేళ్లపాటు నేను వీపు రుద్దుకున్న చోటు.

ఎడమ రెక్క ఎముకకీ వెన్నుపూసకీ మధ్య, అరచెయ్యి మేర జాగాలో దురద. అక్కడే ఎందుకో, అక్కడొక్కచోటే ఎందుకో తెలిసేది కాదు. కుడిచెయ్యి మెడ మీద నుంచి వేస్తే అందదు. ఎడమచెయ్యి వెనక్కి మెలితిప్పితే వేళ్ల చివర్లు మాత్రం తగులుతాయి. దువ్వెన, అట్లకాడ, పిల్లల స్కేలు, కొబ్బరి ఈనెల చీపురు వెనకభాగం - అన్నీ అయ్యాయి. కాశీబుగ్గ నుంచి టెక్కలి బడికి రోజూ బస్సులో వెళ్తాను కదా, సీటు వెనక ఇనపకమ్మీ ఉన్న బస్సొస్తే నాకు పండగే!

దురదొక్కటే అయితే ఎలాగో సర్దుకుందును. ఒక్కోసారి మంట. కారం చేత్తో తడిమినట్టు. ఒక్కోసారి చీమలు పాకినట్టు. జాకెట్టు కుట్టు తగిలినా చిరాకే. రాత్రి పడుకోబోయే ముందు మరీ ఎక్కువ. పగలు బడిలో పాఠం చెబుతున్నంతసేపూ గుర్తుండదు. సాయంత్రం పరీక్ష పేపర్ల కట్ట ముందేసుకుని వంగి కూర్చున్న అరగంటకి మొదలు!

ఉద్దానంలో దురదంటే

వేరే ఊళ్లో అయితే దురదని ఎవరూ అంత పట్టించుకోరేమో. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం పక్క పల్లె. కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని పడగొట్టింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే కిడ్నీ జబ్బు ఇళ్లలోని మనుషుల్ని పడగొడుతోంది. మా పెదమావయ్య దాంతోనే పోయాడు. మా పిన్ని వారానికి రెండుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటుంది. ఆమెకీ ఒళ్లంతా దురదే.

అందుకే మా అమ్మ నన్ను గుమ్మం దగ్గర చూసినప్పుడు ముందు నవ్వింది. "ఏటే అమ్మీ, గేదె రాటకి రుద్దుకున్నట్టు ఆ రుద్దుడేటి?" అంది. మర్నాడు మళ్లీ చూసింది. ఈసారి నవ్వలేదు. "పిన్నికీ దురదతోనే కదే బయటపడ్డాది..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చెయ్యలేదు, నేనూ చెయ్యనివ్వలేదు.

మర్నాడే రక్తం, మూత్రం పరీక్ష చేయించుకున్నాను. క్రియాటినిన్ 0.8 ఉంది. మూత్రంలో అల్బుమిన్ లేదు. ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరు చెప్పిన ఇంకో మాట అప్పుడే రాసి పెట్టుకున్నాను: కిడ్నీ జబ్బు మొదటి దశల్లో దురద పెట్టదు. జబ్బు బాగా ముదిరాకే ఒళ్లు దురదపెడుతుంది. అదీ వీపుకి రెండువైపులా, చేతులూ కాళ్లూ, ఒక్కోసారి ఒళ్లంతా. చర్మం పొడిబారి పొట్టు రేగుతుంది. అందుకే ఉద్దానంలో ఉన్నవాళ్లు దురద కోసం ఎదురుచూడకుండా, ఏ బాధా లేకపోయినా ఏడాదికోసారి ఆ రెండు పరీక్షలూ చేయించుకోవాలి. దురద వచ్చింది కదా, ఇక అయిపోయిందని బెంగపడనూ కూడదు.

తామర మందు, ఎలర్జీ మందు

కిడ్నీ కాదని తేలింది. మరేమిటి? మా వీధిలో సగంమంది జీడి ఫ్యాక్టరీలకి పనికెళ్లేవాళ్లు. "జీడి నూనె తగిలుంటాదమ్మా" అన్నారు. గింజ డొక్కలో ఉండే ఆ నూనె సంగతి మాకు తెలియనిది కాదు. తగిలినచోట చర్మం కాలి, పొక్కి, నల్లబడి ఊడుతుంది. అయితే అది వేళ్లకీ, చేతులకీ, మహా అయితే ముఖానికీ తగులుతుంది. జాకెట్టు లోపల వెన్ను పక్కకి ఎలా వెళ్తుంది?

తర్వాత మందులషాపు వైద్యం. తామరన్నారు, ట్యూబు ఇచ్చారు. రాసిన నాలుగు రోజులు కాస్త తగ్గినట్టే ఉండి మళ్లీ మామూలే. ఇంకొకరు ఎలర్జీ అన్నారు. మాత్ర వేసుకుంటే తెల్లారి తొమ్మిదింటికి కూడా తూగు దిగేది కాదు. దురద మాత్రం అలాగే ఉంది. వంకాయ మానేశాను, ఎండుచేపలు మానేశాను, సబ్బు మార్చాను. ఉద్దానంలో పుట్టి ఎండుచేప మానడమంటే మాటలా!

ఈలోగా ఆ చోట ఒక మచ్చ తేలింది. గోధుమరంగు, అంచులు స్పష్టంగా లేకుండా, నీళ్లలో కాఫీ పొడి ఒలికినట్టు. మా అమ్మాయి ఫోనుతో ఫొటో తీసి చూపిస్తే తప్ప నాకు తెలియలేదు. మచ్చ చూశాక తామరే అనుకుని ట్యూబు రాయడం ఇంకా పెంచాను. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని, అది చర్మాన్ని పల్చబరుస్తుందని, నిజంగా తామర ఉంటే దాన్ని మరింత మొండి చేస్తుందని తర్వాత తెలిసింది.

తప్పు చర్మానిది కాదు

చివరికి ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు మచ్చ చూడలేదు. "ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అన్నారు. చూపించాను. "ఎప్పుడూ అక్కడేనా? ఇంకోవైపు ఎప్పుడైనా వచ్చిందా?" రాలేదన్నాను. "దురద ముందా, మచ్చ ముందా?" ఆలోచించి, దురదే ముందన్నాను. దగ్గరదగ్గర ఏడాది తేడా.

అప్పుడు నన్ను కళ్లు మూసుకోమని, దూది కొసతో వీపు మీద అక్కడక్కడా తాకారు. తర్వాత పిన్నుతో మెల్లగా గుచ్చారు. కుడివైపు స్పష్టంగా తెలిసింది. ఎడమవైపు ఆ అరచెయ్యి జాగాలో దూది సరిగ్గా తెలియలేదు, పిన్ను మాత్రం మంటగా తోచింది. మచ్చ అంచుని గీరి, మైక్రోస్కోపు కింద చూసి, ఫంగస్ లేదన్నారు.

"మీ చర్మంలో ఏ జబ్బూ లేదమ్మా. నరం నలుగుతోంది" అన్నారు.

నరమా? నరమైతే నొప్పి రావాలి కానీ దురదేమిటి? ఆవిడ కాగితం మీద వెన్నెముక బొమ్మ వేసి చూపించారు. వెన్నుపూసల్లో ప్రతి మెట్టు దగ్గరా కుడికొకటి, ఎడమకొకటి నరం బయటికొస్తుంది. రొమ్ముభాగపు పూసల్లో రెండో దాని నుంచి ఆరో దాని దాకా వచ్చే నరాల వెనక కొమ్మలు వీపు పైభాగం చర్మానికి స్పర్శ తెస్తాయి. అవి వెన్ను పక్కనున్న దళసరి కండని దాదాపు నిలువుగా చీల్చుకుని చర్మంలోకి రావాలి. ఆ మలుపులో కండ బిగిసినా, లోపల పూసలు అరిగి ఒత్తినా నరం నలుగుతుందని వైద్యుల అంచనా. నలిగిన నరం మెదడుకి తప్పుడు కబురు పంపుతుంది. గోడలో వైరు నలిగితే గుమ్మంలో ఎవరూ లేకపోయినా కాలింగ్ బెల్ మోగదూ, అలాగ! మనం మాత్రం పదేపదే తలుపు తీసి చూస్తుంటాం, అంటే గోకుతుంటాం.

మచ్చ సంగతీ అప్పుడే తెలిసింది. మచ్చ వల్ల దురద కాదు, దురదకి రుద్దిరుద్ది మచ్చ. అంటే అది మా గుమ్మం చేసిన మచ్చ!

దీనికి వైద్యంలో పేరు నోటాల్జియా పారెస్థెటికా. గ్రీకులో నోటోస్ అంటే వీపు, ఆల్గోస్ అంటే నొప్పి. 1934లోనే అస్త్వత్సతూరోవ్ అనే రష్యన్ నరాల వైద్యుడు దీన్ని గుర్తించి రాశాడు. నడివయసు దాటినవాళ్లలో, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుందట. ఎలర్జీ మాత్ర ఎందుకు పనిచెయ్యలేదో కూడా అర్థమైంది. ఆ మాత్రలు హిస్టమిన్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. ఈ దురదలో ముఖ్యమైన పాత్ర దానిది కాదు, నరానిది. తూగు మిగలడం తప్ప వేరే లాభం ఉండదు.

ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. జబ్బు తగ్గలేదు, కానీ దానికో పేరుంది. అది ప్రాణం తీసేది కాదు, అంటుకునేదీ కాదు. రెండేళ్లుగా విడిగా ఉంచుకున్న నా తువ్వాలు మళ్లీ అందరి తువ్వాళ్లతో కలిపి ఉతికాను.

పిన్నికి నేనిచ్చిన మాత్ర

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

మొదట పూత మందులతో చూశాం. రాత్రి నిద్ర బొత్తిగా పట్టడం లేదంటే డాక్టరు నరాల మాత్ర రాశారు. గాబాపెంటిన్, 300 మిల్లీగ్రాములు, రాత్రి పడుకునే ముందు ఒకటి. రాసేముందు నా క్రియాటినిన్ రిపోర్టు అడిగి తీసుకున్నారు. ఎందుకడిగారో నేను పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి దురద సగానికి సగం తగ్గింది. తెల్లారి కాస్త తూలినట్టుండేది, అంతే.

ఆ వారమే పిన్ని మా ఇంటికొచ్చింది. డయాలసిస్‌కి వచ్చినప్పుడల్లా ఒకపూట ఉండి వెళ్తుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక మావాళ్లకి విశాఖ ప్రయాణాలు తగ్గాయి. పిన్ని రాత్రంతా గోక్కుంటూ మేలుకుని ఉండడం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. "నీకు నిద్దర పట్టిన మాత్ర నాకూ ఒకటియ్యే" అంది. ఇద్దరిదీ దురదే కదా అని ఇచ్చాను. ఇంటికెళ్తూంటే ఇంకో రెండు కాగితంలో కట్టిచ్చాను.

మూడోరాత్రి వేసుకున్న మర్నాడు పొద్దున్న మా చెల్లెలు ఫోను చేసింది. పిన్ని లేవడం లేదు. లేపితే మాట ముద్దగా వస్తోంది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఉలిక్కిపడినట్టు ఎగిరి నీళ్లు ఒలికిపోతున్నాయి. అడుగు వేయబోయి పడబోయింది. ఆటోలో పలాస తీసుకొచ్చాం. డయాలసిస్ డాక్టరు మొదట అడిగిన ప్రశ్న: "కొత్తగా ఏ మాత్ర వేశారు?" నా నోరు పెగల్లేదు. హ్యాండ్‌బ్యాగులోంచి స్ట్రిప్పు తీసి చేతిలో పెట్టాను.

ఆయన కోప్పడలేదు. నెమ్మదిగా చెప్పారు. ఈ మందు శరీరంలో విరగదు, దాదాపు మొత్తం మూత్రం ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకి రాత్రి వేసుకున్నది మర్నాటికి చాలావరకు పోతుంది. కిడ్నీలు పనిచెయ్యనివాళ్లకి నిన్నటిది పోకముందే ఇవాళ్టిది, ఇవాళ్టిది పోకముందే రేపటిది వచ్చి చేరుతుంది. మూడు రోజుల్లో అది మందు కాదు, మత్తు. ఆ మర్నాడు ఉండాల్సిన డయాలసిస్‌ని ఆ రోజే పెట్టారు. డయాలసిస్ ఆ మందుని రక్తంలోంచి తీసేస్తుంది. రెండోనాటికి పిన్ని తేరుకుని, "ఏటే, నన్ను మూడ్రోజులు బాగానే పడుకోబెట్టావు" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇందులో వింతేమిటంటే, ఆ తర్వాత ఆ డాక్టరే పిన్ని దురదకి అదే మందు రాశారు! కాకపోతే 100 మిల్లీగ్రాములు, అదీ డయాలసిస్ అయిన రోజున, అయ్యాక మాత్రమే. మందు ఒకటే, కానీ నాకు రోజూ సరిపోయేది ఆమెకి విషం. నరాల దురదకి వాడే ప్రీగాబాలిన్ కూడా ఇలాగే మూత్రంలోంచే పోతుందట. అందుకే ఉద్దానంలో ఎవరికైనా నరాల మాత్ర రాస్తుంటే, "డాక్టరుగారూ, ముందు నా క్రియాటినిన్ చూడండి" అని మనమే అడగాలి. వీపు నొప్పి కూడా ఉందని షాపులో నొప్పిమాత్రలు కొనుక్కుని మింగడం అంతకన్నా చెడ్డపని. అవి నరాల దురదని తగ్గించవు, పైగా కిడ్నీలకి చేటు.

నాకు పనిచేసినవి

ఇప్పుడు నేను రోజూ మాత్ర వేసుకోవడం లేదు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తూ ఆపేశాను. ఒక్కసారిగా మానకూడదన్నారు. మిగిలినవి ఇవి.

మొదటిది చల్లదనం. మెంథాల్ కలిపిన లోషన్ ఫ్రిజ్‌లో పెట్టి, దురద మొదలవగానే రాయించుకుంటాను. లేదంటే తడిగుడ్డ చలవగా వేసుకుంటాను. నరం చల్లదనం కబురు మొయ్యడంలో పడి దురద కబురు కాసేపు మర్చిపోతుంది. గోకడంలా ఇది మచ్చ చెయ్యదు.

రెండోది మిరపకాయ మందు! నవ్వకండి. మిరపకాయకి ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌ని 0.025 శాతం క్రీముగా అమ్ముతారు. రోజుకి మూడు నాలుగుసార్లు, కొన్ని వారాలు వదలకుండా రాయాలి. మొదటివారం భగ్గున మండుతుంది. దురద కబుర్లు మోసే నరాల కొసల్ని అది ముందు రెచ్చగొట్టి, తర్వాత అలిసిపోయేలా చేస్తుంది. మంటకి భయపడి రెండోరోజే మానేస్తే మంటే మిగులుతుంది, ఫలితం ఉండదు. రాసేవాళ్లు చేతికి తొడుగు వేసుకోవాలి. ఆ చేత్తో కళ్లు ముట్టుకోకూడదు. గోకి పుండు పడినచోట రాయకూడదు. వేణ్నీళ్ల స్నానం చెయ్యగానే రాస్తే మంట రెట్టింపు. ఇంట్లో పచ్చిమిరప నూరి రాస్తే చర్మం కాలుతుంది, ఆ పని మాత్రం చెయ్యకండి. నాకు మూడోవారానికి తగ్గింది. మానేసిన నెలకి మళ్లీ మెల్లగా తలెత్తింది. చాలామందికి ఇలాగే అవుతుందట. అందుకని బాగా ఎక్కువైనప్పుడు మళ్లీ కొన్ని వారాలు రాస్తాను.

మూడోది కూర్చునే తీరు. పేపర్లు ఒళ్లో పెట్టుకుని దిద్దడం మానేసి బల్ల మీద పెట్టుకుంటున్నాను. ఎడమ భుజానికే వేలాడే బ్యాగు రెండు భుజాలకీ తగిలించుకునేది అయింది. పొద్దున, రాత్రి నిటారుగా కూర్చుని రెండు రెక్క ఎముకల్నీ వెనక ఒకదానికొకటి దగ్గరకి లాగి, అయిదు లెక్కపెట్టి వదులుతాను. ఇలా పదిసార్లు. తర్వాత గుమ్మంలో నిలబడి రెండు మోచేతులూ చెరో చెక్కకీ ఆనించి, ఛాతీ ముందుకి సాగేలా ఒక అడుగు వేస్తాను. గుమ్మం అదే, పని మారింది! దీంతో అందరికీ తగ్గుతుందని డాక్టర్లు హామీ ఇవ్వరు. నాకు మాత్రం సాయంత్రపు దురద బాగా వెనక్కి తగ్గింది. రోజంతా నేలమీద వంగి కూర్చుని జీడిపప్పు పొట్టు తీసే మా వీధి ఆడవాళ్లకి కూడా ఇదే చూపించాను. వాళ్లలో ఒకామెకి కూడా వీపున ఇలాంటి మచ్చే ఉంది. ఆమెకైతే కుడివైపు. పదేళ్లుగా తామర మందు రాస్తోంది పాపం!

వీటిని మాత్రం నరమని వదిలెయ్యకండి

వీపు మీద దురదలన్నీ నరం దురదలు కావు. అంచు ఎర్రగా గుండ్రంగా ఉండి రోజురోజుకీ పెద్దదవుతుంటే అది తామర కావచ్చు. ఒకవైపు మంట పుట్టి, రెండుమూడు రోజుల్లో నీటిపొక్కులు పట్టీలా వరసగా లేస్తే అది సర్పి. దానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, మూడు రోజులు దాటనివ్వకూడదు. పాలిపోయినట్టో రాగిరంగులోనో ఉన్న మచ్చలో దురద లేకుండా స్పర్శ పోతే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఒళ్లంతా దురదైతే రక్తపరీక్షలు తప్పవు. దురదతోపాటు వెన్నులో రాత్రిపూట తీవ్రమైన నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో పట్టు తప్పడం ఉంటే వెన్నెముకకి ఫొటో తీయించాలి. ఇవేవీ లేకుండా అదే చోట, ఒకేవైపు నెలల తరబడి దురద ఉంటే ఎక్స్‌రేలూ స్కానింగులూ అందరికీ అక్కర్లేదన్నారు మా డాక్టరు.

నా దురద పూర్తిగా పోలేదు. ఏళ్ల తరబడి వస్తూపోతూ ఉండే రకమిది. మచ్చ కాస్త పల్చబడింది. మొన్న సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించాం. రంగులతను ఆ నున్నటి చెక్క దగ్గర ఆగి, "ఇక్కడ రంగు నిలవదమ్మా, గరుకుకాగితం పట్టాలి" అన్నాడు. పట్టమన్నాను. ఇప్పటిదాకా ఆ రంగు చెరగలేదు. పిన్ని వచ్చినప్పుడల్లా దాన్ని వేలితో ముట్టుకుని చూస్తుంది.